పాస్‌వర్డ్ మార్చాక వైఫైలోకి రాని టీవీ

ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మార్చిన రోజు ఫోన్లు, ల్యాప్‌టాప్ పది నిమిషాల్లో సర్దుకుంటాయి. మొండికేసేది టీవీ. పాత పాస్‌వర్డ్‌తో ఐదారేళ్లు నడిచిన టీవీ, కొత్తది అక్షరం పొల్లుపోకుండా కొట్టినా కాసేపు ప్రయత్నించి కనెక్ట్ కాలేదని చెబుతుంది. అయిదోసారీ ఆరోసారీ కొట్టి విసిగిపోయి, టీవీలో వైఫై భాగమే పాడైందనుకునేవారు ఎందరో. నిజానికి ఈ సందర్భంలో ఆ భాగం పాడవడం అరుదు. టీవీకి, రూటర్‌కి మధ్య కుదరాల్సిన మూడు విషయాల్లో ఏదో ఒకటి కుదరకపోవడమే అసలు కారణం. అవి నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్, భద్రతా పద్ధతి.

మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు టీవీ ఈ మూడింటినీ కలిపి దాచుకుంటుంది. ఇళ్లలో ఎక్కువగా వాడే WPA2 పద్ధతిలో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా గాలిలో ప్రయాణించదు. పాస్‌వర్డ్‌ను, నెట్‌వర్క్ పేరును కలిపి ఒక లెక్కలో 4096 సార్లు తిప్పితే 256 బిట్ల తాళంచెవి ఒకటి వస్తుంది. టీవీ తన దగ్గర, రూటర్ తన దగ్గర విడివిడిగా అదే చెవిని తయారుచేసుకుంటాయి. రెండూ ఒకటేనని పరస్పరం రుజువు చేసుకున్నాకే టీవీకి ప్రవేశం దొరుకుతుంది. పేరు కూడా ఆ లెక్కలో భాగమే కాబట్టి, పాస్‌వర్డ్‌ను అలాగే ఉంచి `Sitara_Home` అనే పేరును `sitara_home` అని మార్చినా చెవి మారిపోతుంది. పెద్ద ఎస్, చిన్న ఎస్ మనకు ఒకే పేరులా కనిపించినా వైఫైకి రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లు.

చెవి కుదరనప్పుడు WPA2 రూటర్ పాస్‌వర్డ్ తప్పని టీవీకి చెప్పదు. టీవీ పంపిన రుజువు సరిపోలకపోతే దాన్ని పక్కన పడేసి, మొదటి సందేశాన్నే మళ్లీ పంపుతుంది. ఇలా కొన్నిసార్లు జరిగాక టీవీని వదిలించుకుంటుంది. టీవీ వైపు నుంచి చూస్తే, సిగ్నల్ అందక జవాబు రాకపోవడానికీ పాస్‌వర్డ్ తప్పి జవాబు రాకపోవడానికీ పెద్ద తేడా ఉండదు. తెర మీద వచ్చే సందేశం టీవీ వేసుకున్న ఊహ మాత్రమే. దాన్ని పట్టుకుని కారణం తేల్చబోతే దారి తప్పుతాం.

అందుకే మొదటి పని పాత నమోదును పూర్తిగా తీసేయడం. ఆండ్రాయిడ్ టీవీల్లో `Settings`, తర్వాత `Network & Internet` తెరిచి, ఇంటి నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే `Forget network` కనిపిస్తుంది. కొన్ని కంపెనీల టీవీల్లో ఒక్క నెట్‌వర్క్‌ను మరిచిపొమ్మనే వీలుండదు. అక్కడ నెట్‌వర్క్ సెట్టింగులన్నిటినీ రీసెట్ చేయాలి. రిమోట్‌తో ఆపిన టీవీ చాలావరకు కునుకు తీస్తున్నట్టే ఉంటుంది తప్ప పూర్తిగా ఆగదు కాబట్టి, గోడ దగ్గర ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టడం మేలు.

తర్వాత టైపింగ్. రిమోట్ బాణాలతో ఒక్కో అక్షరం దగ్గరికి వెళ్లి నొక్కుతున్నప్పుడు తప్పు దొర్లడం తేలిక. సున్నాకి బదులు పెద్ద ఓ, ఒకటికి బదులు చిన్న ఎల్ పడిపోతుంటాయి. ఫోన్‌లో పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు కీబోర్డు తనంతట తానే మొదటి అక్షరాన్ని పెద్దది చేసి ఉండవచ్చు, చివర ఒక ఖాళీ చేర్చి ఉండవచ్చు. ఆ ఖాళీ కూడా పాస్‌వర్డ్‌లో భాగమే. టీవీలో పాస్‌వర్డ్‌ను చూపించే గడి ఉంటే టిక్ పెట్టి, అక్షరం అక్షరం పైకి చదువుకుంటూ కొట్టాలి. అక్షరాలు, అంకెలు మాత్రమే ఉండి ఎనిమిదికి తగ్గని పాస్‌వర్డ్‌ను కొంతసేపు పెట్టి చూస్తే, ఇది టైపింగ్ సమస్యో కాదో తేలిపోతుంది.

అలా కూడా కుదరకపోతే భద్రతా పద్ధతిని అనుమానించాలి. ఉదాహరణకు 2016లో కొన్న టీవీ ఉన్న ఒక ఇల్లు తీసుకుందాం. పక్కింటివాళ్లకు పాత పాస్‌వర్డ్ తెలిసిపోయిందని ఇంటాయన ఫోన్ బ్రౌజర్‌లో `192.168.1.1` కొట్టి, రూటర్ పేజీ తెరిచి కొత్తది పెట్టాడు. అదే పేజీలో భద్రత అన్న చోట `WPA3-SAE` కనిపించింది. అంకె పెద్దది, భద్రత ఎక్కువ అనుకుని అదే ఎంచుకున్నాడు. కొత్త ఫోన్లు నాలుగూ కలిశాయి, టీవీ కలవలేదు. ఇంట్లో అందరి దృష్టీ పాస్‌వర్డ్ మీదే ఉంది, ఎందుకంటే మార్చామని గుర్తున్నది అదొక్కటే.

WPA2 వచ్చింది 2004లో. WPA3ని వైఫై అలయన్స్ 2018లో ప్రకటించింది, 2020 జులై నుంచి కొత్తగా ధ్రువీకరణ పొందే పరికరాలకు తప్పనిసరి చేసింది. అంతకు ముందు తయారైన టీవీల్లో చాలావాటికి WPA3 భాష రాదు. ఆ పద్ధతిలో చెవి తయారయ్యే తీరే వేరు. పాత టీవీ అలాంటి నెట్‌వర్క్‌ను జాబితాలో చూపించకపోవచ్చు, లేదా చూపించి పాస్‌వర్డ్ అడిగి, చివరకు కాదనవచ్చు. రెండోది మరింత తికమక పెడుతుంది. పాస్‌వర్డ్ అడిగింది కాబట్టి తప్పంతా పాస్‌వర్డ్‌లోనే ఉందనిపిస్తుంది.

పాత, కొత్త పరికరాలు రెండింటి కోసం చాలా రూటర్లలో `WPA2-PSK/WPA3-SAE` అనే మిశ్రమ పద్ధతి ఉంటుంది. సూత్రప్రకారం పాత టీవీ ఇందులో WPA2 దారిన లోపలికి రావాలి. చాలా టీవీలు వస్తాయి, కొన్ని రావు. తమకు తెలియని పద్ధతి పేరు కూడా ప్రకటనలో కనబడేసరికి కొన్ని పాత టీవీల సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. దీనికి తోడు `PMF` అనే సెట్టింగు ఒకటుంది. నెట్‌వర్క్‌ను నడిపే అంతర్గత సందేశాలను ఎవరూ నకిలీ చేయకుండా కాపాడేది అది. WPA3కి ఇది తప్పనిసరి, మిశ్రమ పద్ధతిలో మాత్రం ఐచ్ఛికంగా ఉండాలి. రూటర్‌లో దీన్ని `Required` అని పెడితే, PMF తెలియని టీవీ పాస్‌వర్డ్ ఎంత సరిగ్గా ఉన్నా గడప దాటలేదు. `Capable` లేదా `Optional` అని మార్చగానే కలిసే టీవీలున్నాయి.

లోపం టీవీదా రూటర్‌దా అన్నది తేల్చడానికి చక్కటి పరీక్ష ఒక ఫోన్‌తోనే చేయవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగుల్లో భద్రతను `WPA2-Personal` గా, బ్యాండ్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌గా పెట్టి, సులువైన పాస్‌వర్డ్ ఇచ్చి, టీవీని దానికి కలపాలి. కలిస్తే టీవీ వైఫై భాగం ఆరోగ్యంగానే ఉందని అర్థం. ఇప్పుడు పేరు, పాస్‌వర్డ్ మార్చకుండా భద్రతను మాత్రం `WPA3-Personal` చేసి, టీవీలో ఆ నెట్‌వర్క్‌ను మరిచిపొమ్మని చెప్పి మళ్లీ కలపాలి. ఈసారి రాకపోతే సందేహం తీరినట్టే. పై ఇంట్లో జరిగింది అదే. మొదటి హాట్‌స్పాట్‌కు టీవీ వెంటనే కలిసింది, రెండోదానికి ఎంతకీ కలవలేదు. రూటర్‌లో `WPA2-PSK [AES]` పెట్టి కొత్త పాస్‌వర్డ్‌నే కొట్టగానే టీవీ నెట్‌వర్క్‌లోకి వచ్చింది.

ఒక్క టీవీ కోసం ఇల్లంతటికీ WPA3ని వదులుకోవడం నచ్చనివారు రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి, దానికి మాత్రం WPA2 పెట్టి టీవీని అక్కడ ఉంచవచ్చు. ఇది మంచి ఏర్పాటే కానీ ఒక ఇబ్బంది ఉంది. గెస్ట్ నెట్‌వర్క్‌లోని పరికరాలు అసలు నెట్‌వర్క్‌లోని పరికరాలకు సాధారణంగా కనిపించవు. ఫోన్‌లోని వీడియోను టీవీకి పంపే సౌకర్యం పోతుంది. అలాగని టీవీ కలవలేదన్న కోపంలో `TKIP`, `WEP`, లేదా పాస్‌వర్డ్ లేని `Open` పద్ధతికి మాత్రం దిగకూడదు. మొదటి రెండూ పగిలిపోయిన తాళాలు, మూడోది తాళమే లేని తలుపు. పొడవైన పాస్‌వర్డ్‌తో కూడిన WPA2 AES ఇంటి అవసరానికి ఇప్పటికీ నమ్మదగినదే.

ఇక దాచిన నెట్‌వర్క్‌ల సంగతి. మామూలు రూటర్ సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరు చెప్పుకుంటుంది, టీవీలో కనిపించే జాబితా ఆ ప్రకటనల నుంచే తయారవుతుంది. రూటర్‌లో `Hide SSID` నొక్కితే ప్రకటన ఆగదు, అందులో పేరుండే చోటు ఖాళీ అవుతుంది. అప్పుడు టీవీయే ముందుగా పేరుపెట్టి పిలవాలి. ఆ పేరు అచ్చంగా సరిపోతేనే రూటర్ పలుకుతుంది. పాస్‌వర్డ్ మార్చినప్పుడే పేరు కూడా దాచి ఉంటే, బయటికి కనిపించే నెట్‌వర్క్‌గా టీవీ దాచుకున్న పాత నమోదు ఇక పనికిరాకపోవచ్చు. టీవీ జాబితాలో వెతుకుతుందే తప్ప పేరుపెట్టి పిలవదు.

దాన్ని చేతితో చేర్చాలి. ఆండ్రాయిడ్ టీవీలో `Add new network` నొక్కితే ముందు పేరు, తర్వాత భద్రతా పద్ధతి, చివర పాస్‌వర్డ్ అడుగుతుంది. బయటికి కనిపించే నెట్‌వర్క్ అయితే పద్ధతిని టీవీ తానే గ్రహిస్తుంది, ఇక్కడ ఎంచాల్సింది మనుషులే. రూటర్ పేజీలో ఏముందో చూసి అదే ఎంచాలి, ఊహతో కాదు. పేరులో చివరి ఖాళీ, చిన్న పెద్ద అక్షరాలు అన్నీ లెక్కలోకి వస్తాయి. పేరు తెలుగులో పెట్టుకున్నవారికి ఇంకో చిక్కు. నెట్‌వర్క్ పేరుకు ఉన్న హద్దు 32 బైట్లు. తెలుగులో ఒక్కో అక్షర గుర్తుకు, గుణింతానికి కూడా, మూడేసి బైట్లు పడతాయి. `మా ఇల్లు` అన్న చిన్న పేరే 22 బైట్లు తింటుంది. జాబితాలో కనిపిస్తే నొక్కి ఎంచుకోవచ్చు కానీ, దాచితే రిమోట్‌తో కొట్టాలి, చాలా టీవీల కీబోర్డులో తెలుగే ఉండదు.

దాచిన నెట్‌వర్క్ 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 మధ్య చానల్‌లో ఉంటే కష్టం ఇంకొంచెం పెరుగుతుంది. రాడార్లు కూడా వాడే చానళ్లు కావడంతో అక్కడ చాలా పరికరాలు ముందుగా పిలవకుండా వింటూ కూర్చుంటాయి. రూటర్‌ను 36వ చానల్‌కు గానీ, 2.4 గిగాహెర్ట్జ్‌కు గానీ మార్చితే ఈ ముడి విడిపోతుంది. అసలు పేరు దాచడం వల్ల దక్కే రక్షణ నామమాత్రం. ఇంట్లోని ఏ పరికరం కనెక్ట్ అయినా ఆ పేరు బాహాటంగానే గాలిలో వెళుతుంది, వినే పరికరం ఉన్నవాడు తేలిగ్గా చదువుతాడు. టీవీ ఉన్న ఇంట్లో పేరును కనిపించనివ్వడమే తెలివైన పని.

ఇవన్నీ చేసినా కలవని టీవీకి, రూటర్ దగ్గర్లోనే ఉంటే, వెనకున్న లాన్ పోర్టు ఒక దారి. కేబుల్ వైఫై పాస్‌వర్డ్ అడగదు. చాలా టీవీల్లో ఆ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్, ఆన్‌లైన్‌లో వచ్చే 4కే సినిమాకు అందులో పావు వంతు సరిపోతుంది. కేబుల్ లాగే వీలు లేకపోతే WPA3 తెలిసిన స్ట్రీమింగ్ స్టిక్‌ను హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలిస్తే, వైఫై పని అది చూసుకుంటుంది, పాత టీవీ తెరగా మాత్రం పనిచేస్తుంది.