చిలకపచ్చ ప్రెస్సులో ఎందుకు మాసిపోతుంది?

ఒక కథల పుస్తకానికి ట్యాబ్‌లో అట్ట బొమ్మ వేశారనుకుందాం. పైన ముదురు నీలి ఆకాశం, కింద నారుమడి, మధ్యలో ఒక చిలక. తెర మీద ఆ పచ్చ జిగేలుమంటుంది. అదే బొమ్మ ఆఫ్‌సెట్‌లో అచ్చయి వచ్చేసరికి చిలక కళ తప్పి ఉంటుంది, ఆకాశం వంకాయ రంగుకు జారి ఉంటుంది. చిత్రకారుడు ప్రెస్సును తిడతాడు, ప్రెస్సువాళ్లు డీటీపీ ఆపరేటర్ వైపు చూపిస్తారు. చాలాసార్లు తప్పు ఎవరిదీ కాదు. ప్రెస్సులో ఉన్న నాలుగు సిరాలను ఎలా కలిపినా ఆ పచ్చ పుట్టదు, అంతే.

తెర రంగును వెలుగుతో చేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు మూడూ నిండుగా వెలిగితే తెలుపు, మూడూ ఆరిపోతే నలుపు. ఆర్‌జీబీ అంటే ఇదే. ఒక్కో వెలుగుకు 0 నుంచి 255 దాకా మెట్లుంటాయి. కాగితానికి సొంత వెలుగు లేదు. దాని మీద పడిన వెలుతురులో కొంత భాగాన్ని సిరా మింగేస్తుంది, మిగిలిందే మన కంటికి చేరుతుంది. సయాన్ సిరా ఎరుపును మింగాలి, మెజెంటా ఆకుపచ్చను, పసుపు నీలాన్ని. ఆ లెక్కన సయాన్ మీద పసుపు పడితే ఎరుపూ నీలమూ పోయి స్వచ్ఛమైన ఆకుపచ్చ మిగలాలి. కానీ సిరాలు అంత బుద్ధిగా ఉండవు. సయాన్ ఎరుపుతో ఆగక ఆకుపచ్చలోనూ కొంత కొరుకుతుంది. మెజెంటా అయితే నీలాన్ని కూడా బాగానే తినేస్తుంది. ఈ మూడింటినీ నిండుగా కలిపినా నలుపు రాదు, బురద గోధుమ రంగు వస్తుంది. అందుకే నాలుగోదిగా నల్ల సిరా చేరింది. ఈ నాలుగూ కలిసి సీఎంవైకే.

మన ఆకాశాన్నే తీసుకోండి. తెర ఇవ్వగలిగిన నిండు నీలాన్ని (0, 0, 255) ఫోటోషాప్‌లో US Web Coated (SWOP) v2 ప్రొఫైల్‌తో సీఎంవైకేలోకి మారిస్తే సయాన్ 88, మెజెంటా 77 శాతం వస్తాయి. ఊదా రంగు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రెండో అంకె చెబుతోంది. నీలం నీలంగా ఉండాలంటే మెజెంటా సయాన్ కంటే కనీసం 30 శాతం తక్కువగా ఉండాలని ప్రెస్సు పనివాళ్లు చెబుతారు. సయాన్‌ను 100కు పెంచి మెజెంటాను 65కు దించితే ఆకాశం కాస్త ముదురుగానే ఉన్నా ఆకాశంలాగే ఉంటుంది.

చిలక సంగతి వేరు. తెర మీది పచ్చ (0, 255, 0) అదే ప్రొఫైల్‌లో సయాన్ 63, పసుపు 100 అవుతుంది. ఇంతకు మించి మెరిపించే సిరా పెట్టెలో లేదు. చేయగలిగినవి రెండే. చిలక ఒంట్లోకి మెజెంటా, నలుపు రాకుండా చూసుకోవాలి, ఎందుకంటే 10 శాతం మెజెంటా కలిసినా పచ్చ మట్టి పట్టినట్టవుతుంది. రెండోది, చిలక వెనక ఉన్న నారుమడి రంగును బాగా ముదురు చేయాలి. పక్కన చీకటి ఉంటే ఉన్న పచ్చే ఎక్కువగా కనిపిస్తుంది. నా మటుకు ఈ రెండోదే ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది. రంగును గెలవలేనప్పుడు దాని ఇరుగుపొరుగును మార్చడం చిత్రకారులకు కొత్తేమీ కాదు.

ఇదంతా ప్రెస్సుకు పంపాక కాదు, బొమ్మ వేస్తున్నప్పుడే జరగాలి. ముందు ప్రెస్సువాళ్లను ఏ ప్రొఫైల్ వాడాలో అడగండి. ఫోటోషాప్‌లో View కింద Proof Setup లో దాన్ని ఎంచుకుని Proof Colors నొక్కితే బొమ్మ ఆర్‌జీబీలోనే ఉంటుంది గానీ అచ్చులో ఎలా ఉండబోతోందో తెర మీద కనిపిస్తుంది. ఆ చూపుతోనే రంగులు సరిచేసుకుని, చివర్లో ఒక నకలును మాత్రమే సీఎంవైకేలోకి మార్చాలి. అసలు ఫైలును ముట్టుకోవద్దు. ఒకసారి మార్చాక పోయిన రంగులు మళ్లీ ఆర్‌జీబీకి తిప్పినా రావు.

పుస్తకం పేరు, రచయిత పేరు ఉన్న నల్లటి అక్షరాల దగ్గర ఇంకో చిక్కుంది. ఆర్‌జీబీలోని నలుపును అదే ప్రొఫైల్‌తో మారిస్తే సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 వస్తుంది. ఒక్క నల్ల అక్షరాన్ని నాలుగు ప్లేట్లు అచ్చువేయాలన్నమాట. కాగితం వెంట్రుకవాసి కదిలినా అక్షరం అంచున గులాబీ, నీలి గీతలు తేలుతాయి. ఇంగ్లిషు పెద్ద అక్షరాలు దీన్ని కొంత తట్టుకుంటాయేమో గానీ, మన తలకట్టులకు, వత్తులకు, సున్నా లోపలి ఖాళీలకు ఆ ఓపిక లేదు. అక్షరాలకు నల్ల సిరా ఒక్కటే 100 శాతం ఇవ్వాలి. వాటిని బొమ్మలో కలిపేయకుండా పీడీఎఫ్‌లో అక్షరాలుగానే ఉంచితే అంచులు కూడా పదునుగా వస్తాయి.

ఇక కొలత. డెమ్మీ సైజు అట్ట 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. ముందట్ట, వెనకట్ట, మధ్యలో అర అంగుళం వీపు కలిపితే 11.5 అంగుళాల వెడల్పు. కటింగ్‌లో కత్తి అటూఇటూ జరిగినా తెల్ల అంచు కనబడకుండా నాలుగు వైపులా అంగుళంలో ఎనిమిదో వంతు బ్లీడ్ వదలాలి. మొత్తం 11.75 × 8.75 అంగుళాలు. ఆర్ట్ బోర్డు మీద ప్లేటు చుక్కలను మామూలుగా అంగుళానికి 150 వరసలుగా పేరుస్తారు. ఒక్కో వరసకు రెండేసి పిక్సెళ్లు ఉంటే బొమ్మ నిలుస్తుంది. అందరూ వల్లించే 300 అక్కడి నుంచి వచ్చిందే. కాబట్టి ఈ అట్టకు 3525 × 2625 పిక్సెళ్లు కావాలి. వార్తాపత్రికల్లో చుక్కలు ఇంకా ముతకగా ఉంటాయి, అక్కడ 200తో సరిపోతుంది. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి ఇంకా తక్కువైనా ఎవరూ గమనించరు.

ఆ బొమ్మను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది. వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గిందనుకుంటే, అట్టంతా పరిచినప్పుడు అంగుళానికి 136 మాత్రమే దక్కుతాయి. చిలక ఈకలు అలికినట్టవుతాయి. అప్పుడు ఎవరో ఒకరు ఫైలు తెరిచి 72 అని ఉన్నచోట 300 అని కొట్టి, పనైపోయిందంటారు. ఇలాంటి ఫైలు వస్తే Image Size తెరిచి, Resample దగ్గరి టిక్కు తీసేసి 300 వేసి చూడండి. వెడల్పు 5.33 అంగుళాలకు పడిపోతుంది. ఆ బొమ్మ అసలు స్తోమతు అంతే. టిక్కు ఉంచి పెంచితే కొత్త పిక్సెళ్లు పుడతాయి గానీ, అవి పక్కవాటిని చూసి అంచనా వేసినవి. లేని ఈకను అవి గీయలేవు. బొమ్మను ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే ఈ గొడవే ఉండదు.

ఇంత చేశాక కూడా ఒకటి ప్రెస్సువాళ్లను అడగాలి: మన అట్టను విడిగా వేస్తారా, ఇంకో నాలుగు పనులతో కలిపి ఒకే ప్లేటు మీద వేస్తారా? తక్కువ కాపీలైతే ఖర్చు కలిసొస్తుందని కలిపే వేస్తారు. మెషిన్ మీద సిరాను కాగితం వెడల్పున పట్టీలు పట్టీలుగా పెంచుతారు, తగ్గిస్తారు. మన ఆకాశంలో మెజెంటా తగ్గించమని అడిగితే, అదే పట్టీలో ముందో వెనకో ఉన్న ఎవరి శుభలేఖలోనో కుంకుమ రంగు కూడా వెలిసిపోతుంది. ఆపరేటర్ ఒప్పుకోడు. రంగు మీద పట్టింపు ఉంటే విడిగా వేయించుకోవాలి, ఆ ఖర్చు భరించాలి. లేదంటే ఫైల్లోనే అంకెలు తేల్చుకుని పంపాలి.