వార్తల్లో పదం: అడ్వాన్స్ రూలింగ్

విదేశీ కంపెనీ ఇక్కడి వ్యాపారంలో వాటా అమ్మాలంటే ముందు పన్ను సంగతి తేలాలి. అది తేలనిదే ధర కుదరదు. కొనేవారిదీ అదే చిక్కు. చెల్లింపులో టీడీఎస్ కోయాల్సి ఉండీ కోయకపోతే ఆ బాకీ వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. అందుకే లావాదేవీ వివరాలు ముందే చూపించి, చట్టం ఎలా వర్తిస్తుందో అడిగే వీలును 1993లో ఆదాయపు పన్ను చట్టంలో చేర్చారు. ఆ జవాబే అడ్వాన్స్ రూలింగ్.

అడిగినవాళ్లందరికీ జవాబు రాదు. 2018లో వాల్‌మార్ట్ ఫ్లిప్‌కార్ట్‌ను కొన్నప్పుడు టైగర్ గ్లోబల్ తన మారిషస్ కంపెనీల ద్వారా వాటా అమ్మింది. భారత్-మారిషస్ ఒప్పందం ప్రకారం ఇక్కడ పన్ను పడదు కదా అన్నది వాటి ప్రశ్న. పన్ను తప్పించుకోవడానికే అల్లిన ఏర్పాటులా ఉందంటూ 2020లో రూలింగ్ ఇచ్చే అథారిటీ దరఖాస్తునే తోసిపుచ్చింది. వివాదం ఢిల్లీ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది. డబ్బు చేతులు మారి అప్పటికి ఏళ్లయింది!

పాత అథారిటీ ఇచ్చిన రూలింగ్‌కు దరఖాస్తుదారు, పన్ను శాఖ ఇద్దరూ కట్టుబడాల్సి ఉండేది. 2021 సెప్టెంబరులో దాని స్థానంలో బోర్డులు వచ్చాయి. వాటి రూలింగ్‌పై ఇద్దరిలో ఎవరైనా హైకోర్టుకు అప్పీలు చేయవచ్చు. పెట్టుబడిదారు కోరుకున్న భరోసా అక్కడే పలచబడింది.