ఏడుగురు ఆటగాళ్లు, నాలుగు రౌండ్లు, ఒక బై

పిల్లల చెస్ టోర్నమెంటు ఎక్కడ జరిగినా హాలు బయట ఆర్బిటర్‌ను పట్టుకుని తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ‘‘ఆ అబ్బాయికి ఆడకుండానే పాయింటు ఎలా ఇచ్చారండీ?’’ ‘‘మా పాపకు మళ్లీ నల్లపావులేనా?’’ ఇప్పుడు జోడీలు కట్టే పనంతా స్విస్-మేనేజర్ లాంటి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. మనం ఫోన్లో chess-results.com తెరిచి, ఏ బోర్డు, ఎవరితో ఆట అని మాత్రం చూసుకుంటాం. లోపల జరిగే లెక్క తెలియాలంటే ఒక చిన్న టోర్నమెంటును కాగితం మీద చేత్తో నడిపి చూడాలి.

అందరూ అందరితో ఆడితే న్యాయమే, కానీ 64 మంది ఉంటే 63 రౌండ్లు కావాలి. నాకౌట్ పెడితే 6 రౌండ్లలో తేలిపోతుంది, కానీ సగంమంది మొదటి ఆటతోనే ఇంటికి వెళ్లాలి. ఎంట్రీ ఫీజు కట్టి పొరుగూరి నుంచి వచ్చిన పిల్లవాడికి అది మరీ అన్యాయం. ఈ రెంటికీ మధ్య దారిని కనిపెట్టింది స్విట్జర్లాండ్‌కు చెందిన యూలియస్ ముల్లర్ అనే ఉపాధ్యాయుడు. 1895లో జ్యూరిక్‌లో ఆ పద్ధతిలో పోటీ జరిగింది, అందుకే దానికి స్విస్ పేరు నిలిచిపోయింది. సూత్రం చిన్నది. ప్రతి రౌండులోనూ ఒకే పాయింట్లు ఉన్నవాళ్లను కలిపి ఆడించాలి, ఒకసారి ఆడిన ఇద్దరిని మళ్లీ కలపకూడదు, ఎవరినీ మధ్యలో ఇంటికి పంపకూడదు. 2024లో న్యూయార్క్‌లో కోనేరు హంపి ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచింది ఈ పద్ధతిలోనే. 11 రౌండ్లలో ఆమెకు వచ్చినవి 8.5 పాయింట్లు.

పెద్ద పోటీల్లో ఈ లెక్క సాఫీగా సాగుతుంది. అసలు చిక్కంతా చిన్నవాటితోనే, అందులోనూ సంఖ్య బేసి అయినప్పుడు. కాలనీ లైబ్రరీలో ఏడుగురు పేరు ఇచ్చారనుకుందాం. నాలుగు రౌండ్లు ఆడిద్దామని నిర్వాహకులు ముందే ప్రకటించేశారు. రేటింగు ప్రకారం ఆటగాళ్లకు ఒకటి నుంచి ఏడు వరకు నంబర్లు ఇద్దాం.

ఏడుగురిలో ఒకరికి జోడీ దొరకదు. ఆ ఒక్కరికీ ఆ రౌండులో బై ఇస్తారు. అంటే ఆట లేదు, ప్రత్యర్థి లేడు, పావుల రంగు కూడా లేదు, కానీ గెలిచినట్టే ఒక పాయింటు పడుతుంది. మొదటి రౌండులో ఇది చివరి నంబరుకు, అంటే ఏడుకు వెళుతుంది. మిగిలిన ఆరుగురిని సగానికి కోసి పై సగాన్ని కింది సగంతో వరసగా కలుపుతారు. ఒకటితో నాలుగు, రెండుతో అయిదు, మూడుతో ఆరు. చాలామంది ఒకటిని రెండుతో కలపడమో, ఒకటిని చివరివాడితో కలపడమో పద్ధతి అనుకుంటారు, రెండూ కాదు. రంగు కోసం ఒక్కసారి టాస్ వేస్తారు. ఒకటికి తెలుపు వస్తే రెండుకు నలుపు, మూడుకు మళ్లీ తెలుపు.

ఒకటి గెలిచాడు. రెండు, అయిదు డ్రా చేసుకున్నారు. ఆరో నంబరు మూడును ఓడించి అందరినీ ఆశ్చర్యపరిచాడు. ఇప్పుడు ఒకటి, ఆరు, ఏడు నంబర్లకు ఒక్కో పాయింటు. రెండుకు, అయిదుకు అర చొప్పున. మూడుకు, నాలుగుకు సున్నా.

రెండో రౌండులో బై అందరికన్నా తక్కువ పాయింట్లున్న గుంపుకు చెందాలి. అందులో మూడు, నాలుగు ఉన్నారు, కింది నంబరు నాలుగు కనుక అతనికి ఇచ్చాం. పైన ఒక పాయింటు గుంపులో ముగ్గురున్నారు. ఇద్దరు కలిసి ఆడితే మూడోవాడు కింది గుంపులోకి దిగి అక్కడివాళ్లలో ఒకరితో ఆడాలి. మామూలుగా చివరివాడైన ఏడు దిగాలి. కానీ దిగినవాడికి తనకన్నా తక్కువ పాయింట్లున్న ప్రత్యర్థి దొరుకుతాడు, అది ఒక రకం సౌకర్యం. ఏడు నంబరు మొదటి రౌండులోనే బై రూపంలో ఆ సౌకర్యం అనుభవించాడు. బైని కూడా కిందికి దిగడం కిందే లెక్కవేసి, వీలైనంతవరకు అదే మనిషిని వరసగా రెండోసారి దించకూడదంటాయి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నియమాలు. కాబట్టి ఒకటితో ఏడు ఆడతాడు, ఆరు దిగుతాడు.

దిగిన ఆరు ఎవరితో ఆడాలి? రెండుతోనా, అయిదుతోనా? ఇక్కడ రంగు తేలుస్తుంది. ఆరు, రెండు ఇద్దరూ మొదటి ఆట నల్లపావులతో ఆడారు, ఇద్దరికీ ఇప్పుడు తెలుపు రావాలి. అయిదు తెల్లపావులతో ఆడాడు, అతనికి నలుపు రావాలి. అందుకే ఆరుకు అయిదును జోడీ చేసి, రెండును ఇంకో మెట్టు కిందకు పంపి మూడుతో ఆడిస్తాం. ఆ జోడీలోనూ ఒకరికి తెలుపు, ఒకరికి నలుపు సరిగ్గా కుదిరాయి. ఒకటి, ఏడు ఆటలో ఒకటికి నలుపు రావాలి. ఏడు ఇంతవరకు ఒక్క ఆటా ఆడలేదు, అతనికి ఏ రంగైనా ఒకటే. అందరి కోరికా తీరింది.

రంగుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే మొదటి ఎత్తు తెల్లపావులదే. లెక్కలేనన్ని ఆటల రికార్డులు చూస్తే తెల్లవైపు వచ్చే పాయింట్లు సగం కన్నా కొంచెం ఎక్కువే ఉంటాయి. ఒక ఆటలో ఆ తేడా చిన్నదే, టోర్నమెంటు మొత్తం ఒకే వైపు కూడితే మాత్రం పెద్దదవుతుంది. అందుకని నియమాలు రెండు గట్టి హద్దులు పెట్టాయి. ఎవరికైనా తెలుపు ఆటలకూ నలుపు ఆటలకూ మధ్య తేడా రెండు దాటకూడదు, ఒకే రంగు వరసగా మూడుసార్లు రాకూడదు. చివరి రౌండులో అగ్రస్థానాల్లో ఉన్నవాళ్ల విషయంలోనే దీనికి సడలింపు ఉంది. ఈ హద్దుల లోపల ఇద్దరూ ఒకే రంగు కోరితే ఎక్కువ అవసరం ఉన్నవాడికి ఇస్తారు, అవసరం సమానమైతే చివరకు పై స్థానంలో ఉన్నవాడి కోరిక చెల్లుతుంది. అంటే వరసగా రెండుసార్లు నలుపు రావడం తప్పు కాదు. మూడోసారి కూడా వస్తే తల్లిదండ్రులు ఆర్బిటర్‌ను అడగవచ్చు.

రెండో రౌండులో ఒకటి, ఆరు, రెండు గెలిచారు. మూడో రౌండులో సున్నాతో మిగిలిన మూడో నంబరుకు బై. రెండు పాయింట్లతో ఉన్న ఒకటి, ఆరు తలపడి డ్రా చేసుకున్నారు. ఒకటిన్నరతో ఒంటరిగా ఉన్న రెండు కిందకు దిగి నాలుగును ఓడించాడు, అయిదు ఏడును ఓడించాడు. ఇప్పుడు ఒకటి, రెండు, ఆరు తలా రెండున్నరతో ముందున్నారు. అయిదుకు ఒకటిన్నర. మూడు, నాలుగు, ఏడు ఒక్కో పాయింటుతో ఉన్నారు.

కథ అడ్డం తిరిగేది నాలుగో రౌండులోనే. చేత్తో జోడీలు కట్టేవాళ్లు పైనుంచి మొదలుపెడతారు. రెండుతో ఒకటి, బాగుంది. మిగిలిన ఆరుకు తర్వాతి పాయింట్లవాడు అయిదు, కానీ వాళ్లిద్దరూ రెండో రౌండులోనే ఆడారు. సరే, ఆరుతో నాలుగు, అయిదుతో మూడు. చివరికి ఏడు మిగిలాడు. అతను మొదటి రౌండులోనే బై తీసుకున్నాడు! పోనీ ఏడును ఆడించి మూడుకు ఇద్దామంటే మూడుకూ అయిపోయింది, నాలుగుకూ అయిపోయింది. చాలా చోట్ల ఇక్కడే ‘‘పాపం, చివరివాడికే ఇచ్చేద్దాం’’ అనుకుని ఒకరికి రెండో బై ఇచ్చేస్తారు. ఒక మనిషికి ఆడకుండా రెండు పాయింట్లు పడతాయి, పట్టిక మొత్తం చెడుతుంది.

ఒకసారి బై తీసుకున్నవాడికి మళ్లీ ఇవ్వకూడదు, ఇది కచ్చితమైన నియమం. ప్రత్యర్థి రాకపోవడంతో పూర్తి పాయింటు పొందినవాడికి కూడా బై వర్తించదు, ఎందుకంటే అతనికి ఆ ఉచిత పాయింటు అప్పటికే అందింది. అందుకే బేసి సంఖ్య ఉన్నప్పుడు ముందు బై ఎవరిదో తేల్చి, ఆ పేరు పక్కన పెట్టి, ఆ తర్వాతే జోడీలు మొదలుపెట్టాలి. మన టోర్నమెంటులో ఇప్పటివరకు బై రానివాళ్లలో తక్కువ పాయింట్లున్నది అయిదో నంబరు. బై అతనికే. అలా తీసేశాక అంతా చక్కబడుతుంది. రెండు తెల్లపావులతో ఒకటితో, ఆరు తెల్లపావులతో నాలుగుతో, మూడు ఏడుతో. ఈ ఆఖరి జోడీలో ఇద్దరూ ఒక తెలుపు, ఒక నలుపు ఆడినవాళ్లే, ఇద్దరికీ ఇప్పుడు తెలుపే కావాలి. పై నంబరైన మూడుకు తెలుపు వెళుతుంది, ఏడుకు వరసగా రెండోసారి నలుపు వస్తుంది. హద్దు దాటలేదు కనుక ఫిర్యాదుకు తావు లేదు.

నియమం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. కానీ ఫలితం చూడండి. అయిదో నంబరు మూడు ఆటలే ఆడి, అందులో ఒక్కటే గెలిచి, రెండున్నర పాయింట్లతో ముగిస్తాడు. ఒకటో నంబరు చివరి ఆట ఓడితే అతనూ రెండున్నర దగ్గరే ఆగుతాడు. చివరి స్థానాల్లో ఉండాల్సిన బై, తీసుకోనివాళ్లు అడుగున కరువై, రౌండు రౌండుకూ మెట్లెక్కి బహుమతుల అంచుకు చేరింది. నన్నడిగితే ఏడుగురికి నాలుగు రౌండ్ల స్విస్ ప్రకటించడంలోనే పొరపాటుంది. అంత తక్కువమంది ఉంటే అందరూ అందరితో ఆడటమే మేలు. ఏడు రౌండ్లలో ప్రతి ఒక్కరూ ఒక్కసారి ఊరుకుంటారు, మూడు ఆటలు తెలుపుతో, మూడు ఆటలు నలుపుతో ఆడతారు. మనిషికి పదిహేను నిమిషాల గడియారమైతే ఒక పూటలో అయిపోతుంది. స్విస్సే కావాలంటే బహుమతులతో సంబంధం లేని ఒక ఆటగాణ్ణి సిద్ధంగా ఉంచుకుని, బేసి అయినప్పుడు అతన్ని కూర్చోబెట్టవచ్చు. అప్పుడు బైతో పనే ఉండదు.

ఇద్దరేసి తలపడే క్విజ్‌కు కూడా ఇదే పద్ధతి సరిపోతుంది. అక్కడ రంగు స్థానంలో మొదటి ప్రశ్న ఎవరికన్నది వస్తుంది. వంతులవారీగా ప్రశ్నలు అడిగితే ఏ జట్టు ఎన్నిసార్లు ముందు మొదలుపెట్టిందో పాయింట్ల పక్కనే రాసుకోవాలి. ఇద్దరికీ ఒకే ప్రశ్న వేసి బజర్ నొక్కమంటే ఆ గొడవ ఉండదు. క్విజ్‌లో గెలుపుతో పాటు మొత్తం మార్కులను కూడా కూడితే ఇంకో చిక్కు వస్తుంది. బై జట్టుకు గెలుపు ఒకటి రాస్తాం సరే, మార్కులు ఎన్ని రాయాలి? సున్నా రాస్తే ఆ జట్టు అన్యాయంగా వెనకబడుతుంది. ఆ జట్టు మిగతా రౌండ్లలో తెచ్చుకున్న మార్కుల సగటు రాయడం ఒక మార్గం. ఏది ఎంచుకున్నా ఆ సంగతి మొదటి ప్రశ్న అడగక ముందే, అన్ని జట్లూ వింటుండగా చెప్పేయాలి.