కౌంటర్ దగ్గర తొలి మాట

రాత్రి తొమ్మిదింటికి ఓ ఇల్లాలు రొప్పుతూ ఆసుపత్రిలోకి వస్తుంది. భర్త బైకు మీంచి పడ్డాడని, 108లో ఇక్కడికే తెచ్చారని ఎవరో ఫోన్ చేశారు. అంతకుమించి ఆమెకు ఏమీ తెలియదు. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా "పేషెంట్ పేరు?" అని అడిగితే, ఆ ఒక్క ప్రశ్నకే ఆమె గొంతు పూడుకుపోతుంది.

పని తెలిసిన రిసెప్షనిస్టు ముందు లేచి నిలబడుతుంది. "అమ్మా, ఇటు రండి. మీవాళ్లు ఎక్కడున్నారో ఇప్పుడే కనుక్కుంటాను. పేరు చెప్పండి" అంటుంది. "కంగారు పడకండి" అనదు. కంగారులో ఉన్న మనిషికి ఆ మాట మందలింపులా తగులుతుంది. చేతిలో ఏదో పని మొదలైందన్న మాటే ఆమెను కాస్త నిలబెడుతుంది.

కంప్యూటర్‌లో ఆ పేరు కనిపించకపోవడం మామూలే. స్పృహ లేకుండా వచ్చిన మనిషిని పేరు తెలియని పేషెంట్‌గానే రాసుకుంటారు. కొన్నిసార్లు ఇంటిపేరు ఒకటి, ముద్దుపేరు ఒకటి అవుతాయి. అప్పుడు "ఆ పేరుతో ఎవరూ లేరు" అని పంపేయడం పెద్ద తప్పు. వయసెంత, ఏ రంగు చొక్కా, ప్రమాదం ఎక్కడ జరిగింది అని అడిగి, క్యాజువాలిటీ నర్సుకు ఫోన్ చేయాలి.

మనిషి దొరికాక చెప్పాల్సింది మూడు ముక్కలే. "ఆయన క్యాజువాలిటీలో ఉన్నారమ్మా. డాక్టర్లు చూస్తున్నారు. రండి, నేను తీసుకెళ్తాను." బాగానే ఉన్నారని మాత్రం అనకూడదు. అది డాక్టర్ చెప్పాల్సిన మాట. ధైర్యం కోసం అన్న ఆ మాట అరగంటలో అబద్ధమైతే, ఆ తర్వాత డాక్టర్ ఏం చెప్పినా ఆ కుటుంబం నమ్మదు. "నాకు తెలియదు" అని ఊరుకోవడమూ సరికాదు. "ఎలా ఉన్నారో డాక్టరుగారే చెప్తారు, ఆయన్ని కలిపిస్తాను" అంటే సరిపోతుంది.

చిక్కల్లా దారి చూపడంలోనే వస్తుంది. "స్ట్రెయిట్‌గా వెళ్లి లెఫ్ట్ తిరగండి, ఫార్మసీ పక్కన" అంటే ఆ క్షణంలో బుర్రకెక్కదు. రెండో మలుపు దగ్గరే ఆమె ఆగిపోతుంది. రాత్రి డ్యూటీలో కౌంటర్ దగ్గర ఒక్కరే ఉంటే కదలడం కుదరదు, నిజమే. అలాంటప్పుడు వార్డ్‌బాయ్‌ని పిలిచి, "ఈవిడ క్యాజువాలిటీలో ఉన్న యాక్సిడెంట్ పేషెంట్ భార్య, సిస్టర్‌కి అప్పజెప్పి రా" అని ఆమె ముందే చెప్పాలి.

డిపాజిట్ మాట, ఆరోగ్యశ్రీ కార్డు మాట ఆమె భర్తను చూసి వచ్చాకే ఎత్తాలి. ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో ఆ కాగితాల పని చూసేందుకు ఆరోగ్యమిత్ర ఉంటారు.

రేపు మీరే అలా పరుగెత్తాల్సి వచ్చి, కౌంటర్‌లో ఎవరూ తల ఎత్తకపోతే, "మావాళ్లు ఎక్కడున్నారు, నేను ఎవర్ని కలవాలి, నాతో ఎవరు వస్తారు" అని గట్టిగానే అడగండి.