పార్శిల్ రేటు ఎక్కడ తేలుతుంది?

విజయవాడ గవర్నర్‌పేటలోని ఓ మందుల షాపు నుంచి పటమటలో ఒకరింటికి అరకిలో పొట్లం చేర్చాలి. దూరం 5 కిలోమీటర్లు అనుకుందాం. ఎంత తీసుకోవాలి? నాలుగు బండ్లు పెట్టుకుని ఊళ్లోనే పార్శిళ్లు చేరవేసే చిన్న సర్వీసులు ముందుగా వేసేది పెట్రోలు లెక్క. లీటరు 110 రూపాయలు, బండి 45 కిలోమీటర్లు ఇస్తుంది, అంటే 12 రూపాయల పెట్రోలు. పైన ఇంకో 30 వేసుకుంటే బాగానే మిగులుతుందనిపిస్తుంది. తీరా నెలాఖరుకు జీతాలివ్వడానికి అప్పు వెతుక్కోవాల్సి వస్తుంది.

ఈ వ్యాపారంలో ఖర్చయ్యేది ప్రధానంగా మనిషి సమయం. కుర్రాడికి నెలకు 18,000 జీతం, 26 రోజులు, రోజుకు 9 గంటల పని అనుకుంటే గంటకు 77 రూపాయలు. దానికి అతని ఫోను, ఇన్సూరెన్సు, గది అద్దె, ఆర్డర్లు రాసుకునే మనిషి జీతం కలిపితే గంట ఖర్చు 120కి చేరుతుంది. నిమిషానికి 2 రూపాయలన్నమాట. పెట్రోలు, టైర్లు, ఆయిలు, రిపేర్లు కలిపి కిలోమీటరుకు మూడున్నర. ఊరి ట్రాఫిక్‌లో కిలోమీటరుకు 3 నిమిషాలు పడుతుంది. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే. ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవాలి గానీ లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

ఇప్పుడు ఆ మందుల పొట్లం వెంటనే పంపాలన్నారనుకోండి. షాపులో తీసుకోవడానికి 6 నిమిషాలు: బిల్లు చూడాలి, అడ్రసు సరిచూసుకోవాలి. ఇంటి దగ్గర ఇంకో 6 నిమిషాలు: బండి ఆపి, ఫోన్ చేసి, మూడో అంతస్తు ఎక్కి దిగాలి. వెళ్లడానికి 5 కిలోమీటర్లు, ఖాళీ బండితో వెనక్కి రావడానికి మరో 5. మొత్తం 42 నిమిషాలు, 10 కిలోమీటర్లు. సమయానికి 84, బండికి 35, వెరసి 119 రూపాయలు. లాభం సంగతి ఇంకా ఎత్తనే లేదు.

అదే పొట్లం ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 లోపు ఎప్పుడు అందినా ఫర్వాలేదంటే లెక్క మొత్తం మారిపోతుంది. ఆ వైపు వెళ్లే 8 పార్శిళ్లు పోగేసి ఒకే ట్రిప్పులో పంపొచ్చు. సందులు తిరిగినందుకు 10 కాస్తా 14 కిలోమీటర్లు అవుతుంది. ప్రయాణానికి 42 నిమిషాలు, ఎక్కించి దించడానికి ఒక్కోదానికి 12 చొప్పున 96 నిమిషాలు. 138 నిమిషాలకు 276, బండికి 49, మొత్తం 325 రూపాయలు. ఎనిమిదికి పంచితే ఒక్కోదానికి 41. పొట్లం అదే, దూరమూ అదే. కొనేవాడు మూడు గంటలు ఓపిక పట్టినందుకు ఖర్చు మూడో వంతుకు దిగింది. మధ్యలో గంట స్లాటు ఇచ్చి చూస్తే ఆ గంటలో రెండు పార్శిళ్లకు మించి కుదరవు, ఒక్కోదానికి 72 దాకా పడుతుంది.

అందుకే రేటు పట్టీలో నేను స్లాటుకే పెద్దపీట వేస్తాను. మూడు గంటల స్లాటుకు 55, గంట స్లాటుకు 90, వెంటనే అయితే 150 అని పక్కపక్కనే రాసిపెడితే, నిజంగా తొందర ఉన్నవాళ్లే తొందర ధర ఇస్తారు. బీపీ మాత్రలు నాలుగు రోజులకు సరిపడా ఇంట్లో ఉన్న పెద్దాయన హాయిగా 55 ఎంచుకుంటారు. జ్వరంతో ఉన్న పిల్లకు సిరప్ కావాలంటే 150కి ఎవరూ బేరమాడరు.

అయితే స్లాటు నిండాలి. మూడు గంటల ట్రిప్పులో మూడే పార్శిళ్లు పడితే 10 కిలోమీటర్ల తిరుగుడుకే ఒక్కోదానికి 56 అవుతుంది. 55 తీసుకున్నవాడికి రూపాయి నష్టం. కాబట్టి రోజూ చూడాల్సిన అంకె ట్రిప్పుకు ఎన్ని పార్శిళ్లు పడ్డాయన్నది. పెట్రోలు లీటరుకు 5 రూపాయలు పెరిగితే కిలోమీటరుకు 11 పైసలే తేడా. ట్రిప్పులో పార్శిళ్లు ఎనిమిది నుంచి నాలుగుకు పడితే మాత్రం ఒక్కోదాని ఖర్చు పది రూపాయలకు పైగా పెరుగుతుంది. రోజుకు నాలుగు స్లాట్లు పెట్టి అన్నీ సగం ఖాళీగా నడిపేకంటే రెండే పెట్టి నింపుకోవడం మేలు. స్లాటు మొదలయ్యే ముందు గంటకే ఆర్డర్లు ఆపేయాలి. చివరి నిమిషంలో ఒక్కదాన్ని దూర్చితే సర్దుకున్న దారి మొత్తం చెడుతుంది.

ఇక దూరం. మ్యాపులో గీత గీసి కొలిస్తే విజయవాడలో మోసపోతాం. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరిని చీల్చుకుంటూ పోతాయి. ఇల్లు అవతలి గట్టున కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, చేరాలంటే మాత్రం వంతెన దాకా వెళ్లి తిరిగి రావాలి. వన్‌టౌన్ నుంచి చూస్తే కృష్ణకు అవతల సీతానగరం ఎంతో దూరం అనిపించదు, కానీ ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్లాలి. బ్యారేజీ మీద రాకపోకలు ఆపిన రోజున కనకదుర్గమ్మ వారధి చుట్టు తిరగాలి. మీటర్లు లెక్కగట్టే బదులు ఊరిని మూడు నాలుగు జోన్లుగా విడగొట్టి, ఆ గీతలను వంతెనలు, రైల్వే గేట్ల దగ్గర గీయడం మంచిది. ఫోన్ ఎత్తిన షాపు కుర్రాడు కూడా వెంటనే రేటు చెప్పగలగాలి కదా. జోన్‌కూ జోన్‌కూ మధ్య తేడా 15 రూపాయలకు మించకపోతే, గీతకు ఇవతల ఉన్న వీధికీ అవతల ఉన్న వీధికీ తగువు రాదు.

బరువు దగ్గర పొరపాటు ఇంకో రకంగా జరుగుతుంది. ఐదు కిలోల ఆవకాయ డబ్బా స్కూటర్ కాళ్ల దగ్గర ఒద్దికగా కూర్చుంటుంది. కిలో పుట్టినరోజు కేకు అలా కాదు. 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు పెట్టె. పక్కకు వంచకూడదు, దాని మీద ఏదీ పెట్టకూడదు. కొరియర్ల వాళ్లు ఇలాంటివాటికి పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగించి, వచ్చినదాన్ని కిలోలుగా తీసుకుంటారు. దాన్నే వాల్యూమెట్రిక్ బరువు అంటారు. ఆ లెక్కన ఈ కేకు 3.6 కిలోలు. ఆ బరువూ తూకం బరువూ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువైతే దానికి రేటు కడతారు.

బండి మీద మాత్రం ఇంకా సూటి లెక్క ఒకటుంది. ఆ కేకు మూడు పార్శిళ్ల చోటు తినేస్తే, ట్రిప్పులో ఎనిమిది బదులు కేకుతో కలిపి ఆరే పడతాయి. ఆగే చోట్లు తగ్గి మొత్తం ఖర్చు 277 అవుతుంది. మిగతా ఐదూ 41 చొప్పున 205 భరిస్తాయి. మిగిలిన 72 కేకే మోయాలి. మామూలు పార్శిల్ కంటే 31 ఎక్కువ. కేకుకు అదనం ఎందుకని బేకరీవాళ్లు అడిగితే ఈ లెక్కే చూపించొచ్చు.

పట్టీలో చాలామంది రాయనిది ఒకటి మిగిలింది. షాపులో సరుకు సిద్ధంగా లేక కుర్రాడు పావుగంట నిలబడితే 30 రూపాయలు కరిగిపోతాయి. ఇంటికి తాళం వేసి ఉంటే మళ్లీ రావాలి. ఇవి ఎవరి ఖాతాలో పడాలో ముందే తేల్చకపోతే అవి కుర్రాడి నెత్తిన పడతాయి. పార్శిల్‌కు ఇంత అని కూలి ఇచ్చేచోట అతను నిలబడ్డ పావుగంటకు ఎవరూ పైసా ఇవ్వరు, ఖాళీ బండితో వెనక్కి వచ్చిన ఐదు కిలోమీటర్లకూ ఇవ్వరు. రేటు తక్కువని మనం సంబరపడే చాలా సర్వీసుల్లో ఆ తక్కువ అతని జేబులోంచే వస్తోంది. మొదటి 5 నిమిషాలు ఉచితం, ఆపైన నిమిషానికి 2 రూపాయలు షాపువాళ్లే భరించాలి, రెండోసారి వస్తే సగం రేటు, ఆ రెండింటిలో కుర్రాడి వాటా కుర్రాడిదే అని పట్టీ కిందే రాయాలి. ఇలా రాసి చూపిస్తే, బండి వచ్చేలోపే పొట్లం కట్టి కౌంటర్ మీద సిద్ధంగా పెట్టడం షాపువాళ్లకూ అలవాటవుతుంది.