ఒక్క ‘నే’తో ఎంత తేడా!

ఈ రెండు వాక్యాలూ జాగ్రత్తగా చదవండి.

ఒక సంఖ్య 3తో భాగింపబడితే 6తో భాగింపబడుతుంది.

ఒక సంఖ్య 3తో భాగింపబడితేనే 6తో భాగింపబడుతుంది.

రెంటికీ తేడా ఒక్క అక్షరమే. కాని మొదటి వాక్యం తప్పు. 9ని తీసుకోండి. అది 3తో భాగింపబడుతుంది; 6తో భాగింపబడదు. రెండో వాక్యం మాత్రం నిజం. 12, 18, 24 – ఇలా 6తో భాగింపబడే సంఖ్య దేన్ని తీసుకున్నా అది 3తో భాగింపబడి తీరుతుంది.

లెక్కల పుస్తకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చేవారికి ఈ ‘నే’తోనే పెద్ద పని పడుతుంది. ఇంగ్లీషులో ‘తే’కు ‘ఇఫ్’ అనీ, ‘తేనే’కు ‘ఓన్లీ ఇఫ్’ అనీ అంటారని మీకు తెలుసు. చిక్కంతా వరుసలో వుంది. పై రెండో వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు 6 సంగతి ముందు వస్తుంది, తర్వాత ‘ఓన్లీ ఇఫ్’, ఆ తర్వాత 3 సంగతి. అదే వరుసలో తెలుగు చేస్తే ఏమవుతుంది? ‘6తో భాగింపబడితేనే 3తో భాగింపబడుతుంది’ అని వస్తుంది. ఇది తప్పని మళ్ళీ 9 చెబుతోంది! కాబట్టి ‘ఓన్లీ ఇఫ్’ తర్వాత వున్న భాగమేదో ముందుగా గుర్తించాలి. ‘తేనే’ను ఆ భాగానికే తగిలించాలి.

ఇంకో సంగతి. ‘అన్నం తింటేనే ఆటకు పంపిస్తాను’ అని అమ్మ అంటే, తిన్న వెంటనే పంపిస్తుందని మనం నమ్ముతాం. గణితంలో ‘తేనే’కు అంత అర్థం లేదు. ‘తినకపోతే పంపించను’ అన్నంత వరకే దాని అర్థం. తింటే పంపిస్తానన్న మాట కూడా కావాలంటే ‘తే’ను విడిగా చెప్పాలి. ఈ రెండూ కలిసినప్పుడు ‘అయితే, అయితేనే’ అని రాస్తాం. ఇంగ్లీషులో దీన్ని ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’ అంటారు. ఇంత పొడుగు మాట ఎందుకని కొందరు గణితవేత్తలు ‘ఇఫ్’కు చివర మరో ‘ఎఫ్’ చేర్చి సరిపెట్టారు. జాన్ కెల్లీ 1955లో ప్రచురించిన ‘జనరల్ టోపాలజీ’ పుస్తకంలో ఆ పొట్టి మాట కనబడుతుంది. వాళ్ళు ఒక అక్షరం చేర్చారు. మనకు ‘నే’ ముందునుంచే వుంది!

ఇప్పుడు ఒక సిద్ధాంతాన్ని తీసుకుందాం. n ఒక పూర్ణసంఖ్య.

సిద్ధాంతం: n సరిసంఖ్య అయితే, అయితేనే n² సరిసంఖ్య అవుతుంది.

ఇందులో రెండు మాటలున్నాయి కాబట్టి నిరూపణ కూడా రెండు భాగాలుగా వుండాలి.

మొదటిది ‘అయితే’ భాగం. n సరిసంఖ్య అనుకుందాం. అప్పుడు n = 2k అవుతుంది; ఇక్కడ k ఒక పూర్ణసంఖ్య. n² = 4k² = 2(2k²). కాబట్టి n² సరిసంఖ్య.

రెండోది ‘అయితేనే’ భాగం. అమ్మ మాటను విప్పినట్టే దీన్ని కూడా విప్పండి: n సరిసంఖ్య కాకపోతే n² సరిసంఖ్య కాదు. ఇదే మనం నిరూపించవలసింది. n బేసిసంఖ్య అనుకుందాం. అప్పుడు n = 2k + 1. n² = 4k² + 4k + 1 = 2(2k² + 2k) + 1. కాబట్టి n² బేసిసంఖ్య. నిరూపణ పూర్తయింది.

చూశారా! ‘తేనే’ను ‘కాకపోతే’గా విప్పగానే నిరూపణకు దారి దొరికింది.

‘అయితే’తో మరో ప్రమాదం కూడా వుంది. మామూలు తెలుగులో వాక్యం మొదట వచ్చే ‘అయితే’కు ‘కాని’ అని అర్థం. ఇంగ్లీషు నిరూపణలో ‘బట్’ కనబడిన చోట ఎవరైనా ఇలా రాశారనుకోండి: ‘n² బేసిసంఖ్య. అయితే n² సరిసంఖ్య అని ముందే చెప్పాం.’ అచ్చులో మధ్య చుక్క రాలిపోతే ‘n² బేసిసంఖ్య అయితే n² సరిసంఖ్య’ అని చదువుకుంటాం! అందుకే నిరూపణలో ‘అయితే’ను షరతుకు మాత్రమే వుంచుకొని, ‘బట్’ వచ్చిన ప్రతిచోటా ‘కాని’ అనే రాయడం మేలు. కథలో ఒకే మాట పదేపదే వస్తే విసుగు. నిరూపణలో మాట మారితే అర్థం కూడా మారిందేమోనని చదివేవారు ఆగిపోతారు.

ఇక మీ వంతు. ‘ఒక చతుర్భుజం దీర్ఘచతురస్రం అయితే దాని కర్ణాలు సమానం.’ ఇది నిజమే. ఇందులో ‘అయితే’ను ‘అయితేనే’గా మార్చవచ్చునా? జవాబు చెప్పేముందు, సమాంతరంగా లేని భుజాలు రెండూ సమానంగా వుండే ఒక సమలంబ చతుర్భుజాన్ని గీసి, దాని కర్ణాలను స్కేలుతో కొలవండి.