ముందు ఏ మెయిల్‌కు జవాబివ్వాలి?

హైదరాబాద్‌లో ఇంటి నుంచే వెబ్‌సైట్లు తయారుచేసే ఒక డిజైనర్‌కు సోమవారం పొద్దున్నే నాలుగు ఎంక్వైరీలు వచ్చాయనుకుందాం. ఒకటి ఏకవాక్యం: "వెబ్‌సైట్‌కి ఎంతవుతుంది?" రెండోది గుంటూరు పచ్చళ్ల వ్యాపారి రాసింది. 32 రకాలు ఉన్నాయట, వాట్సాప్ ఆర్డర్లతో లెక్కలు తప్పుతున్నాయట, దసరాకి ముందే ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టాలట. డిజైనర్ పాత కస్టమరే పేరు చెప్పి పంపాడు. మూడోది ఓ పెద్ద కంపెనీ ఉద్యోగిది. ఏం కావాలో వివరంగా రాశాడు గానీ, ప్రపోజల్ పంపితే "కమిటీ ముందు పెడతాం" అన్నాడు. తేదీ మాటే లేదు. నాలుగోది విదేశం నుంచి. బడ్జెట్ 5 వేల నుంచి 10 వేల డాలర్లు, నెలలో కావాలి, యజమానిని నేనే అంటున్నాడు.

చాలామంది డబ్బు పెద్దగా కనిపించిన మెయిల్‌కే ముందు పరుగెత్తుతారు. లేదా పైనున్నదాన్ని ముందు తెరుస్తారు. ఈ లోపు పచ్చళ్ల వ్యాపారి ఇంకొకరిని అడిగేస్తాడు.

ఆలస్యం ఖరీదెంతో 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అమెరికాలో 42 కంపెనీలకు వచ్చిన ఎంక్వైరీలను పరిశీలిస్తే, ఎంక్వైరీ వచ్చిన గంటలోపే స్పందించినవాళ్లకు, 24 గంటలు దాటాక స్పందించినవాళ్లకంటే 60 రెట్లకు పైగా ఎక్కువసార్లు నిర్ణయం తీసుకునే మనిషితో అసలు విషయం మాట్లాడే వీలు దొరికింది. అవన్నీ అమ్మకాల సిబ్బంది ఉన్న సంస్థలు. ఒంటరి ఫ్రీలాన్సర్ అందరికీ గంటలో జవాబివ్వలేడు కాబట్టే వరుస కావాలి, వరుసకు మార్కులు కావాలి.

మార్కులు వేయడానికి ఐదు ప్రశ్నలు చాలు. పని ఏమిటో స్పష్టంగా చెప్పారా? అయితే 3. గడువు చెప్పారా? 2. రాసినవారే నిర్ణయం తీసుకుంటారా? 2. బడ్జెట్ ప్రస్తావించారా? 2. తెలిసినవాళ్లు పంపారా? 3. దీనికి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. గూగుల్ షీట్‌లో ఒక్కో ప్రశ్నకు ఒక్కో గడి పెట్టి, అవునైతే 1, కాదైతే 0 వేస్తే సరిపోతుంది.

ఆ లెక్కన పచ్చళ్ల వ్యాపారికి 10 వస్తాయి, బడ్జెట్ చెప్పకపోయినా. కమిటీ మెయిల్‌కు 3. ఏకవాక్యానికి సున్నా. విదేశీ మెయిల్‌కు 9! ఇక్కడే జాగ్రత్త పడాలి.

ఆ నాలుగో మెయిల్‌ను చివరిదాకా చదివితే సంగతి తెలుస్తుంది. తనకు వినికిడి సమస్య ఉందని, ఫోన్ వద్దని రాశాడు. కంటెంటూ లోగోలూ తన 'కన్సల్టెంట్' దగ్గరున్నాయట. కార్డు పేమెంట్ తీసుకుంటారా అని అడుగుతున్నాడు. డిజైనర్లకు తరచూ వచ్చే పాత మోసమిది. దొంగ కార్డుతో ఎక్కువ మొత్తం కట్టి, అందులో కొంత ఆ కన్సల్టెంట్‌కు పంపమంటారు. తర్వాత అసలు కార్డుదారు ఫిర్యాదుతో మొత్తం వెనక్కి పోతుంది, పంపిన డబ్బు మాత్రం డిజైనర్ జేబులోంచి పోయినట్టే. వినికిడి సమస్య ఉన్న నిజమైన కస్టమర్లు ఉంటారు కాబట్టి ఆ ఒక్క మాటకే మార్కులు కోయకూడదు. ఇంకా ధరే మాట్లాడకముందు కార్డు ప్రశ్న, దానికి తోడు మూడో మనిషి కనిపిస్తే మాత్రం 10 తీసేయాలి. షీట్‌లో B నుంచి F వరకు ఆ ఐదు ప్రశ్నలూ, G గడిలో ఈ అనుమానం:

```
=3*B2+2*C2+2*D2+2*E2+3*F2-10*G2
```

9 కాస్తా మైనస్ 1 అవుతుంది.

విదేశీ సలహాల్లో కంపెనీ డొమైన్‌తో వచ్చిన మెయిల్‌కు ఎక్కువ మార్కులు, జీమెయిల్‌కు తక్కువ వేయమంటారు. మన దగ్గర అది పనికిరాదు. లక్షల వ్యాపారం చేసే షాపు యజమాని కూడా జీమెయిల్ నుంచే రాస్తాడు, ఇంగ్లిష్‌లో తప్పులుంటాయి. ఆ రెండింటికీ మార్కులు కోస్తే మంచి కస్టమర్లే కిందికి జారిపోతారు.

పైన చెప్పిన అంకెలు కూడా అందరికీ ఒకేలా సరిపోవు. పాత ఎంక్వైరీలు ఓ నలభై తీసి, పని కుదిరినవి ఒకవైపు, కుదరనివి ఒకవైపు పెట్టి చూడాలి. గడువు చెప్పడం రెండువైపులా సమానంగా కనిపిస్తే దానికి మార్కులు దండగ. పరిచయం మీద వచ్చినవి కుదిరినవైపే ఎక్కువుంటే దాని బరువు పెంచాలి. నలభై చిన్న లెక్క కాబట్టి ఒక మార్కు తేడాను పట్టుకు వేలాడక్కర్లేదు. 10కీ 3కీ మధ్య తేడానే చూడాలి.

సున్నా వచ్చిన ఏకవాక్యాన్ని కూడా పారేయకూడదు. మన దగ్గర చాలామంది అలాగే మొదలుపెడతారు. ఏం పని, ఎప్పటికి, సుమారు ఎంతలో అని మూడు ప్రశ్నలతో జీమెయిల్ టెంప్లేట్‌గా ఒక జవాబు దాచుకుంటే, పంపడానికి నిమిషం పట్టదు. తిరిగి రాస్తే ఆ వివరాలతో మళ్లీ మార్కులు వేయండి. వారంలోపు ఏమీ రాకపోతే ఆ వరుసను షీట్ అడుక్కి దించేయండి.